మూడు లోగోలూ ఒకే ఎత్తులో ఉన్నా ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా కనిపిస్తోంది. సమానంగా ఉందో లేదో ఎలా సరిచూడాలి?

నీలిగీత

అందరికీ నమస్కారం. మూడు సంస్థలు కలిసి చేస్తున్న ఒక కార్యక్రమానికి ఏ2 పోస్టర్ చేస్తున్నాను. ముగ్గురిదీ సమాన వాటా. ప్రధాన నిర్వాహకులు, సహ నిర్వాహకులు అనే తేడా లేదని ఒప్పందంలోనే రాసుకున్నారు. అందుకే పోస్టర్ కింది వరుసలో మూడు లోగోలకూ 30 మి.మీ. ఎత్తు ఇచ్చాను.

మొదటిది పొడవాటి పేరు. సన్నని అక్షరాలు, బొమ్మ ఏమీ లేదు. రెండోది ముదురు నీలం రంగులో నిండు గుండ్రని ముద్ర, దాని అంచు చుట్టూ చిన్న అక్షరాలున్నాయి. మూడోదానికి ఎడమవైపు నారింజ రంగు బొమ్మ, పక్కన రెండు వరుసల పేరు. పేర్లు చెప్పలేను కాబట్టి పొడుగు, గుండ్రం, నారింజ అనే పిలుస్తాను.

గుండ్రం వాళ్లు తమది బాగా చిన్నదైపోయిందంటున్నారు. నారింజ వాళ్లూ అదే మాట. పొడుగు వాళ్లకు మాత్రం సరిపోయిందట. స్కేలు పెట్టి కొలిస్తే ముగ్గురికీ ఎత్తు ఒకటే. కానీ చూస్తుంటే వాళ్ల మాటలో న్యాయం ఉందనిపిస్తోంది. కంటితో అటూఇటూ జరుపుతూ పోతే దీనికి అంతూపొంతూ ఉండదు. సరిచూడడానికి మీరు ఏ పద్ధతి వాడతారు?

కొత్తకుంచె

లోగోలు పీఎన్‌జీలో పంపించి ఉంటారండి. పెద్దది చేస్తే అంచులు పగులుతాయి, అందుకే చిన్నగా పెట్టాల్సి వస్తోంది. ముగ్గురినీ వెక్టర్ ఫైలు అడగండి, ఎంత పెంచినా పాడవదు.

నీలిగీత

మూడూ వెక్టర్ ఫైళ్లేనండి, క్వాలిటీతో ఇబ్బంది లేదు. ఎవరిది ఎంత సైజులో ఉండాలన్నదే నా ప్రశ్న.

లెక్కలబుర్ర

ఎత్తు సమానంగా పెడితే పొడవైనదానికే లాభం. వైశాల్యం సమానం చేయండి. వెడల్పును ఎత్తుతో భాగిస్తే వచ్చేది r, మీరు ఇవ్వదలుచుకున్న వైశాల్యం A అనుకుంటే:

```
h = sqrt(A / r)
w = h * r
```

ఇది చాలు. కన్ను పొరబడొచ్చు, లెక్క పొరబడదు.

పాతఅచ్చు

లెక్కకు ముందు ఒక పని ఉంది. నీలిగీత గారూ, 30 మి.మీ. అని కొలిచింది ఫైలు చుట్టూ వచ్చే గడినా, కంటికి కనిపించే లోగోనా? చాలామంది తమ లోగో చుట్టూ ఖాళీ జాగా కలిపే ఫైలు పంపుతారు. ఎవరూ దగ్గరికి రాకుండా ముందే ఖాళీ వదిలి పెట్టడం వాళ్ల ఉద్దేశం. డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు అది తెలియదు, ఖాళీని కూడా లోగో కిందే లెక్కేస్తుంది. ఎస్‌వీజీ అయితే `viewBox` అంచు ఒకచోట, గీసిన ఆకారం ఇంకొకచోట ఉంటుంది. ముందు మూడింటికీ ఆ ఖాళీ కత్తిరించి, మళ్లీ కొలిచి చెప్పండి. సాఫ్ట్‌వేర్‌లో చేయడం కష్టంగా ఉంటే పీఎన్‌జీగా ఎగుమతి చేసి ఇలా చూడొచ్చు:

```
magick logo.png -background white -flatten -trim +repage -format "%w %h" info:
```

తెల్ల లోగో అయితే ఇది పనిచేయదు, తెల్లటి నేపథ్యంలో కలిసిపోతుంది. దానికి నేపథ్యం నలుపు ఇవ్వండి.

నీలిగీత

కత్తిరించి చూశాను. పొడుగు 180 × 30, గుండ్రం 30 × 30, ఈ రెండింట్లో ఖాళీ లేదు. నారింజ ఫైలు గడి 60 × 30 కానీ అసలు లోగో 48 × 24 మాత్రమే. పైనా కిందా 3 మి.మీ., పక్కలకు 6 మి.మీ. చొప్పున ఖాళీ ఉంది. ఒకే ఎత్తు అనుకున్నది నిజానికి ఒకే ఎత్తు కానే కాదన్నమాట.

వైశాల్యాలు చూస్తే పొడుగుది 5400 చ.మి.మీ., గుండ్రానిది 900, నారింజది 1152. పొడుగు గుండ్రానికి ఆరు రెట్లు ఉంది!

లెక్కలబుర్ర

నేను చెప్పింది ఇదే. మూడింటికీ 2400 ఇచ్చి చూడండి. పొడుగు 120 × 20, గుండ్రం 49 × 49, నారింజ 69 × 35 వస్తాయి. మొత్తం వెడల్పు 238. పక్క మార్జిన్ 30 చొప్పున వదిలితే ఏ2లో మీకు 360 మి.మీ. దొరుకుతుంది, కాబట్టి మధ్య ఖాళీలకు కూడా ఢోకా లేదు.

వెబ్‌మధు

మా సైటులో పేజీ అడుగున పార్ట్‌నర్ల లోగోల వరుసకు కూడా ఇదే తంటా. మేం ఒక్కో లోగోకు ఒకే సైజు తెల్ల గడి ఇచ్చి, దాని మధ్యలో లోగో పట్టేంత పెద్దగా పెట్టేశాం. గడులు సమానం కాబట్టి ఫిర్యాదులు తగ్గాయి. మీరూ మూడు గడులు కట్టేయండి, గొడవ ఉండదు.

పాతఅచ్చు

మధు గారూ, గడి కట్టితే జాగా సమానమవుతుంది, లోగోలు సమానం కావు. పట్టేంత పెద్దగా పెట్టే పద్ధతిలో గడి ఆకారానికి దగ్గరగా ఉన్న లోగోకే లాభం. వెడల్పాటి గడిలో పొడుగు నిండుగా కూర్చుంటుంది, గుండ్రం నడుమ ఒంటరిగా తేలుతుంది. చతురస్రం గడి అయితే దీనికి తలకిందులు. వెబ్‌లో పదుల కొద్దీ లోగోలుంటే ఎవరూ ఒక్కోదాన్ని పోల్చి చూడరు, అక్కడ గడి ఫరవాలేదు. ఇక్కడున్నవి మూడే, పక్కపక్కనే ఉన్నాయి, పైగా ముగ్గురూ తమదే చూసుకుంటారు. 360ని మూడు గడులు చేస్తే ఒక్కోటి 120. పొడుగు అంతకు మించి పెరగాల్సి వస్తే గడే అడ్డమవుతుంది.

నీలిగీత గారూ, సమాన వైశాల్యం పెట్టి చూశారా? ఎలా ఉంది?

నీలిగీత

పెట్టాను. పొడుగు, నారింజ మధ్య తేడా బాగా తగ్గింది. కానీ గుండ్రం 49 మి.మీ. అయ్యేసరికి పోస్టర్ అడుగు భాగాన్ని అదే ఏలుతోంది. కళ్లు చికిలించి చూస్తే నీలి చుక్క తప్ప ఏమీ కనిపించడం లేదు. పొడుగు దాదాపు మాయమైంది.

పాతఅచ్చు

అవుతుంది. కంటికి తగిలేది గడి వైశాల్యం ఒక్కటే కాదు, దాని లోపల ఎంత నిండుగా ఉందన్నది కూడా. చుట్టూ గీసిన చతురస్రంలో నిండు వృత్తం 78 శాతానికి పైగా ఆక్రమిస్తుంది. అందులో మీ తెల్ల అక్షరాలు కొంత తగ్గిస్తాయి, అంతే. సన్నని అక్షరాల పేరులో ఎక్కువ భాగం తెల్ల కాగితమే. ఆ నిండుదనాన్ని ఒక అంకెగా తీసుకోవచ్చు:

```
magick logo.png -background white -flatten -trim +repage -colorspace Gray -format "%[fx:1-mean]" info:
```

0 వస్తే తెల్ల కాగితం, 1 వస్తే నల్ల దిమ్మ. మూడింటికీ తీసి ఇక్కడ పెట్టండి.

నీలిగీత

పొడుగు 0.18, గుండ్రం 0.62, నారింజ 0.35.

లెక్కలబుర్ర

అయితే వైశాల్యం బదులు సిరా సమానం చేయాలి. నారింజను ఉన్న సైజులోనే ఉంచితే దాని సిరా 2400 × 0.35, అంటే 840. మిగతా రెండూ అంతే సిరా మోయాలి. పొడుగు 167 × 28, గుండ్రం 37 × 37 అవుతాయి. ఇక ఎవరికీ మాట్లాడే వీలుండదు.

పాతఅచ్చు

సగం దూరం సరిగ్గా వచ్చారు. అంత పూర్తిగా సరిదిద్దితే తప్పు రెండో వైపుకు పోతుంది. కన్ను సిరా కూడికలు చేయదండి. లోగో ఎంత దూరం పరుచుకుంది, దాని బయటి ఆకారం ఎంత అన్నది కూడా చూస్తుంది. 167 మి.మీ. పొడవున్న పేరు ఎంత సన్నగా ఉన్నా, వాడుకోదగ్గ వెడల్పులో సగానికి దగ్గరగా పరుచుకున్నట్టే. అప్పుడు గుండ్రం వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు, న్యాయంగానే.

నేను సగం దిద్దుబాటు వాడతాను. నిండుదనాల నిష్పత్తిని నేరుగా కాకుండా దాని వర్గమూలంతో వైశాల్యాన్ని గుణిస్తాను.

```
A_logo = A * sqrt(d_ref / d_logo)
```

ఇక్కడ d అంటే నిండుదనం, d_ref నారింజది. మీ అంకెలతో పొడుగుకు 2400 × 1.39, అంటే 3350 దాకా వస్తుంది. సైజు 142 × 23.6. గుండ్రానికి 2400 × 0.75, అంటే 1800. సైజు 42.5 × 42.5. నారింజ 69 × 35 అలాగే ఉంటుంది. మొత్తం 253, మిగిలిన 107లో మధ్య ఖాళీలు 53 చొప్పున.

ఈ వర్గమూలం శాస్త్రంలో రుజువైన సంగతి కాదు. సైజులు వెతుక్కోవడానికి మంచి మొదటి మెట్టు, అంతే. ఇక్కడి నుంచి నాలుగైదు శాతం అటూఇటూ కంటితోనే తేల్చుకోవాలి. కాకపోతే ఆరు రెట్ల తేడా నుంచి మొదలెట్టి కంటితో తేల్చడం వేరు, ఇక్కడి నుంచి తేల్చడం వేరు.

లెక్కలబుర్ర

వర్గమూలమే ఎందుకు? ఘనమూలం ఎందుకు కాకూడదు? కారణం లేని అంకెను భాగస్వాముల ముందు ఎలా నిలబెడతారు?

పాతఅచ్చు

ఘనమూలం తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు, దిద్దుబాటు ఇంకొంచెం తక్కువగా ఉంటుంది. లోగోలన్నీ సన్నగీతలవే అయితే నేనూ తక్కువే దిద్దుతాను. అంకెను నిలబెట్టేది సూత్రం కాదు, ఆ తర్వాత చేసే పరీక్ష.

ఒప్పందందేవి

నేను ఇలాంటి పోస్టర్లను భాగస్వామి వైపు నుంచి ఆమోదించే ఉద్యోగంలో ఉన్నాను. రెండు మాటలు చెప్పనివ్వండి.

మొదటిది, ఒప్పందంలో ఏం రాసుందో చూడండి. "సమాన ప్రాధాన్యం" అని ఉంటే మీరు చేస్తున్నదంతా చెల్లుతుంది. "సమాన ఎత్తు" అనో "ఒకే కొలత" అనో ఉంటే, 23.6, 42.5, 35 అనే అంకెలు చూడగానే మా లీగల్ వాళ్లు ఆపేస్తారు. మేం నిజంగానే స్కేలు పెట్టి కొలుస్తాం. అప్పుడు మార్చాల్సింది లోగో సైజు కాదు, ఒప్పందంలో ఆ మాట.

రెండోది, పద్ధతిని లేఅవుట్ కంటే ముందు పంపండి. "మూడు లోగోలకూ ఖాళీ కత్తిరించి, వైశాల్యం, నిండుదనం చూసి సైజులు పెడుతున్నాం, సమ్మతమేనా" అని ముగ్గురికీ ఒకే మెయిల్. పోస్టర్ చూశాక అడిగితే ప్రతివాళ్లూ తమ లోగోను కాపాడుకునే జవాబే ఇస్తారు. చూడకముందు అడిగితే పద్ధతి గురించి మాట్లాడతారు.

ఇంకో సంగతి, ప్రతి లోగో గైడ్‌లైన్స్‌లో కనీస సైజు, చుట్టూ వదలాల్సిన ఖాళీ రాసి ఉంటాయి. మీ సైజులు వాటికి తగ్గితే ఈ లెక్క ఏదీ నిలవదు.

నీలిగీత

దేవి గారూ, ఒప్పందంలో "సమాన ప్రాధాన్యంతో" అని ఉంది, ఎత్తు ప్రస్తావన లేదు. గుండ్రం వాళ్ల గైడ్‌లైన్స్‌లో చుట్టూ లోగో ఎత్తులో సగం వదలమన్నారు, అంటే 21 మి.మీ. నాకు 53 ఉంది కాబట్టి సరిపోతుంది. పద్ధతి గురించి మెయిల్ ఈరోజే పంపుతాను.

గుండ్రం గురించే ఒక అనుమానం. అంచు చుట్టూ ఉన్న అక్షరాలు 42.5 మి.మీ. దగ్గర 1.7 మి.మీ. ఎత్తే వస్తున్నాయి. అవి చదవడానికి వీలుగా లోగో పెంచమంటే ఏం చెప్పాలి?

సిరామరక

ప్రింటింగ్ వైపు నుంచి చెబుతాను. 10 అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం ఉండాలనేది బోర్డులు రాసేవాళ్ల లెక్క. మీ పోస్టర్‌ను ఐదు అడుగుల నుంచి చూస్తారనుకుంటే అర అంగుళం, 12 మి.మీ. పైమాటే. 1.7 మి.మీ. అక్షరాలను ఆ లెక్కకు తేవాలంటే ముద్ర దాదాపు 30 సెం.మీ. అవ్వాలి. అంటే ఎంత పెంచినా ఆ ప్రయత్నం నెరవేరదు. అంచు అక్షరాలు లేని సాదా ముద్ర ఉందేమో అడగండి. చాలా సంస్థలు చిన్న సైజులకు అలాంటిది ఒకటి ఉంచుకుంటాయి.

పైగా ముదురు నీలంలో తెల్ల అక్షరాలు. ప్రెస్‌లో సిరా కొంచెం పరుచుకుంటుంది, సన్నని తెల్ల గీతలు పూడుకుపోతాయి. స్క్రీన్ మీద కనిపించేంత శుభ్రంగా రావు.

పాతఅచ్చు

సిరామరక గారి మాటకు ఒకటి చేరుస్తాను. అంచు అక్షరాలు తీసేసిన రూపం వస్తే నిండుదనం మళ్లీ కొలవండి. తెల్ల అక్షరాలు పోతే 0.62 పెరుగుతుంది, గుండ్రం ఇంకాస్త చిన్నది కావాల్సి వస్తుంది. సాదా రూపం వచ్చింది కదా అని అదే సైజులో దించేయకండి.

ఇలాగే పొడుగు వాళ్లను రెండు వరుసల రూపం అడగండి. 6:1 ఆకారం 2:1 దగ్గరికి వస్తే ఈ తంటా సగం పోతుంది. లోగోల ఆకారాలు ఒకదానికొకటి ఎంత దగ్గరైతే సైజులతో సర్దాల్సింది అంత తగ్గుతుంది. సూత్రాల కంటే ముందు నేను చూసేది ఇదే.

నీలిగీత

పొడుగు వాళ్లకు రెండు వరుసల రూపం ఉంది. కానీ వెడల్పు చాలనిచోట మాత్రమే వాడాలని వాళ్ల గైడ్‌లైన్స్‌లో రాశారు. ఇక్కడ వెడల్పు చాలుతోంది కాబట్టి ఒప్పుకుంటారో లేదో. అడిగి చూస్తాను. అంతవరకు 142 × 23.6 తోనే ముందుకెళ్తున్నాను. దీన్ని పరీక్షించడం ఎలా?

పాతఅచ్చు

మూడు దశలు. వరుస ముఖ్యం.

మొదట కింది వరుసను గ్రేస్కేల్ చేసి బాగా బ్లర్ చేయండి. అక్షరాలు చదవలేనంతగా, మచ్చలుగా మిగలాలి.

```
magick strip.png -colorspace Gray -blur 0x24 blur.png
```

అందులో ఒక మచ్చ మాత్రమే ముందుకొస్తే ఆ లోగో ఇంకా బరువుగా ఉన్నట్టు. ఒకటి కాగితంలో కలిసిపోతే తేలికగా ఉన్నట్టు.

రెండోది మీలాంటి పోస్టర్‌కు చాలా అవసరం. బ్లర్‌ను రంగులోనే ఇంకోసారి తీయండి. గ్రేస్కేల్ అంకె నారింజ రంగును తేలిక అంటుంది, కన్ను అలా అనుకోదు. మీ 0.35లో ఆ బొమ్మ బరువు తక్కువగా లెక్కకొచ్చింది. రెండు బ్లర్‌లలో నారింజ స్థానం మారితే, నమ్మాల్సింది రంగు బ్లర్‌నే, ఎందుకంటే పోస్టర్ వెళ్లేది రంగులోనే.

మూడోది మనుషులతో. పోస్టర్ ముందు చూడనివాళ్లకు మూడు సెకన్లు చూపించి, తీసేసి, "ఈ కార్యక్రమం ఎవరిది?" అని అడగండి. "లోగోలు సమానంగా ఉన్నాయా" అని మాత్రం అడగొద్దు, అలా అడిగితే వాళ్లు కొలవడం మొదలెడతారు. ఒకే వరుసతో ఆగకండి. పొడుగు-గుండ్రం-నారింజ, గుండ్రం-నారింజ-పొడుగు, నారింజ-పొడుగు-గుండ్రం, ఇలా మూడు ప్రతులు చేయండి. ప్రతి లోగో ప్రతి చోటా ఒకసారి ఉంటుంది. ఒక్కో మనిషికి ఒకే ప్రతి చూపించండి. ఏ వరుసలో పెట్టినా అదే లోగో పేరు చెబుతుంటే తప్పు సైజులో ఉంది. ఏది ఎడమన ఉంటే దాని పేరే చెబుతుంటే సైజులు సరిపోయాయి, గెలుస్తున్నది స్థానం. ఆ రెండో సంగతిని సైజు మార్చి సరిదిద్దకూడదు.

ఒప్పందందేవి

ఈ మూడు ప్రతుల పద్ధతి నాకు బాగా నచ్చింది. భాగస్వామి ఫిర్యాదు చేస్తే చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. ఎడమ స్థానం ఎవరిదన్నది డిజైనర్ నెత్తిన పెట్టుకోవద్దు. పేర్లను అక్షరక్రమంలో పెట్టడమో, పోస్టర్లు ఒకటి కంటే ఎక్కువ ఉంటే వంతులవారీగా మార్చడమో ముగ్గురినే తేల్చుకోమనండి.

వెబ్‌మధు

ఒక సందేహం. గ్రేస్కేల్, రంగు అని ఇంత తేడా వస్తోంది కదా, మూడు లోగోలనూ ఒకే రంగులో, పూర్తి నలుపులో పెట్టేస్తే? మా సైటులో అలాగే చేశాం, వరుస మొత్తం ప్రశాంతంగా ఉంటుంది.

పాతఅచ్చు

చేయొచ్చు, అప్పుడు రంగుల పోటీ పోతుంది. కానీ నిండుదనం తేడా అలాగే ఉంటుంది, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. నలుపులో గుండ్రం ఇంకా నిండు దిమ్మ అవుతుంది. నారింజ బొమ్మ నల్లబడితే 0.35 కూడా పైకి పోతుంది. మొత్తం లెక్క మళ్లీ మొదటి నుంచి.

ఒప్పందందేవి

పైగా ఒకే రంగు రూపాన్ని సంస్థే ఇవ్వాలి. డిజైనర్ తనంతట తాను నలుపు పోస్తే దాదాపు ప్రతి గైడ్‌లైన్స్ ప్రకారం అది ఉల్లంఘనే. నారింజ రంగే తమ గుర్తింపు అనుకునే సంస్థ దీనికి ఒప్పుకోవడం కష్టం. నేనైతే ఒప్పుకోను.

వెబ్‌మధు

ముగ్గురూ రంగు వదులుకుంటే అది కూడా సమానమే కదండీ. నాకు ఇప్పటికీ అదే న్యాయంగా అనిపిస్తోంది.

నీలిగీత

పరీక్షలు చేశాను. గ్రే బ్లర్‌లో మూడు మచ్చలూ దగ్గరదగ్గరగా ఉన్నాయి, గుండ్రం ఒక్క పిసరు ముదురు. రంగు బ్లర్‌లో నారింజ బొమ్మ ముందుకొచ్చింది, మీరు చెప్పినట్టే. దాన్ని 69 × 35 నుంచి 66 × 33కు దించాను. ఇప్పుడు రెండు బ్లర్‌లలోనూ ఏ ఒక్కటీ పైచేయి కావడం లేదు.

మనుషులతో చేసిన పరీక్షలో, గుండ్రం 49 ఉన్న పాత ప్రతికి ఎక్కడ పెట్టినా ఎక్కువమంది గుండ్రం పేరే చెప్పారు. కొత్త సైజుల్లో జవాబులు చెదిరిపోయాయి, ఎక్కువగా ఎడమ చివర ఏది ఉంటే అది. అక్షరక్రమానికి ముగ్గురూ ఒప్పుకున్నారు. వరుస పొడుగు, గుండ్రం, నారింజ.

ఇప్పుడు మధ్య ఖాళీలు తేలడం లేదు. రెండూ ఒకే కొలతతో ఉన్నా గుండ్రానికి, నారింజకు మధ్య ఎక్కువ ఖాళీ ఉన్నట్టుంది.

పాతఅచ్చు

వృత్తం పక్కవాటికి దగ్గరయ్యేది నడిమి బిందువు దగ్గరే. పైకీ కిందికీ పోయేకొద్దీ అంచు వెనక్కి పోతుంది. పొడుగు ఎత్తు 23.6 మాత్రమే కాబట్టి దాని పై అంచు దగ్గర వృత్తం 3.6 మి.మీ. వెనక్కి ఉంటుంది, అది పెద్దగా తెలియదు. నారింజ ఎత్తు 33. దాని పై అంచు దగ్గర వృత్తం దాదాపు 8 మి.మీ. వెనక్కి పోయింది. అందుకే ఆ ఖాళీ మీకు పెద్దదిగా కనిపిస్తోంది. గుండ్రాన్ని నారింజ వైపు 2 మి.మీ. జరపండి.

ఇంకోటి, పొడుగులో కిందికి తోక దిగే అక్షరం ఉంటే గడి మధ్యను పట్టుకుని వరుస చేయకండి. తోక వల్ల గడి కిందికి సాగి, పేరు మొత్తం పైకి తేలినట్టుంటుంది. అక్షరాల ఒంటి మధ్యను మిగతా రెండింటి మధ్యతో కలపండి.

సిరామరక

2 మి.మీ. జరపడం నాకు సమ్మతం కాదు. నారింజలో బరువంతా ఎడమవైపు బొమ్మలో ఉంది, అంటే గుండ్రం వైపే. బరువైన రెండు ముక్కలు ఎదురెదురుగా ఉన్నాయి, వాటి మధ్య కాస్త ఎక్కువ ఖాళీ ఉంటేనే మంచిది. దగ్గరికి జరిపితే గుండ్రం, నారింజ జత కట్టినట్టు, పొడుగు వేరుపడినట్టు అవుతుంది. అచ్చులో ముదురు రంగులు పక్కపక్కన ఉంటే ఇంకా దగ్గరగా కనిపిస్తాయి.

పాతఅచ్చు

జత కట్టినట్టు కనిపించే ప్రమాదం ఉందన్నది నిజమే. నాకైతే 2 మి.మీ. కు అంత దూరం పోదనిపిస్తోంది. స్క్రీన్ మీద ఇది తేలదు, కాగితం మీద చూడాల్సిందే.

నీలిగీత

పూర్తి పోస్టర్ ప్రూఫ్ తీయడానికి ఇంకా సమయం ఉంది. అంతకుముందు అసలు సైజులో చూసే మార్గం ఏదైనా ఉందా?

సిరామరక

ఉంది. ఏ2 అడుగు సగం సరిగ్గా అడ్డంగా పెట్టిన ఏ3, 420 × 297. ఆఫీసు ప్రింటర్‌లో ఏ3 పడితే చాలు. సెట్టింగ్స్‌లో పేజీకి సరిపోయేలా అమర్చే ఆప్షన్ తీసేసి 100 శాతానికి పెట్టండి. ప్రింటర్ అంచుల్లో కొంత వదిలేసినా మీ లోగోలు 30 మి.మీ. లోపలే ఉన్నాయి కాబట్టి తెగవు. బయటికొచ్చాక పొడుగును స్కేలుతో కొలవండి, 142 రాకపోతే ప్రింటర్ ఎక్కడో కుదించినట్టే. జరిపింది ఒకటి, జరపనిది ఒకటి తీసి గోడకు అంటించి, ఐదు అడుగుల నుంచి చూడండి.

నీలిగీత

రెండూ తీస్తాను. ఇంకో చిక్కు వచ్చింది. ఇదే పోస్టర్‌కు ముదురు నేపథ్యం ఉన్న రెండో రూపం కూడా అడిగారు. పొడుగు, నారింజ వాళ్లు తెల్ల రూపాలు పంపారు. గుండ్రం వాళ్లు మాత్రం తమ నీలి ముద్రనే తెల్ల గుండ్రని పళ్లెం మీద పెట్టి పంపారు. ఇవే సైజులు వాడొచ్చా?

పాతఅచ్చు

వాడకండి. ముదురు మీద తెల్లనివి అసలు సైజుకంటే కాస్త పెద్దగా, లావుగా కనిపిస్తాయి. పొడుగుకు ఇచ్చిన అదనపు సైజులో కొంత వెనక్కి తీసుకోవాల్సి రావచ్చు. గుండ్రం సంగతి ఇంకా వేరు. ఇప్పుడు కంటికి తగిలేది నీలి ముద్ర కాదు, చుట్టూ ఉన్న తెల్ల పళ్లెం. కొలత పళ్లెం బయటి అంచు నుంచి తీయాలి, నిండుదనం లెక్కలో కూడా తెలుపే బరువు. అంటే ఆ కమాండ్‌లో నేపథ్యం నలుపు ఇచ్చి, `1-mean` బదులు `mean` తీసుకోండి. పళ్లెం లేని తెల్ల గీతల ముద్ర దొరికితే అన్నిటికంటే మేలు.

సిరామరక

అది దొరికినా పొడుగు అక్షరాల గీత మందం ఒకసారి చూసుకోండి. ముదురు నేపథ్యం నాలుగు రంగులూ కలిసి అచ్చయ్యేదైతే, ఏ ఒక్క ప్లేటు వెంట్రుకవాసి పక్కకు జరిగినా సన్నని తెల్ల గీతల్లోకి రంగు దిగుతుంది. అలాంటప్పుడు చిన్నది చేయడం కంటే అదే సైజులో ఉంచడమే నయం, బ్లర్‌లో కాస్త బరువుగా కనిపించినా సరే.

పాతఅచ్చు

అక్కడ నేను ఒప్పుకోను, గీత సన్నబడితే లావు గీత ఉన్న రూపం అడగాలి గానీ సైజు పెంచి ఉంచకూడదు. నీలిగీత గారూ, ఫైళ్లు వచ్చాక కొత్త నిండుదనం అంకెలు పెట్టండి, చూద్దాం.

నీలిగీత

గుండ్రం వాళ్లను పళ్లెం లేని ముద్ర, పొడుగు వాళ్లను లావు గీత రూపం అడుగుతూ ఇప్పుడే రాశాను. రాగానే మూడు అంకెలూ, రెండు బ్లర్‌లూ ఇక్కడే పెడతాను.